సీసా మీద తెరిచిన తేదీ

2023 వానాకాలంలో తెలుగు రాష్ట్రాలు రెండింటా కండ్లకలక ఊరూరా వ్యాపించిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. గన్నవరం ప్రాంతంలో మేము బోధించే మదరసా వసతి గృహంలో మొదట ఇద్దరు పిల్లల కళ్ళు ఎర్రబడ్డాయి. మేము మందుల దుకాణం నుండి ఒక చుక్కల మందు సీసా తెప్పించాము. ఇషా నమాజ్ ముగిశాక పిల్లలను వరుసగా కూర్చోబెట్టి, జబ్బు ఉన్నవారికీ, రాబోతున్నట్టు అనిపించినవారికీ ఆ ఒక్క సీసాతోనే ఒకరి తరువాత ఒకరికి చుక్కలు వేశాము. ఆ వారం ముగిసేసరికి ఎర్రని కళ్ళు పదకొండు మందికి చేరాయి.

పిల్లలను చూడటానికి వచ్చిన వైద్య సిబ్బందిలో ఒక సోదరి ఆ సీసాను చేతిలోకి తీసుకుని మమ్మల్ని మూడు ప్రశ్నలు అడిగారు. “మౌలానా గారూ, ఈ సీసా ఎవరిది? ఎప్పుడు తెరిచారు? దీని మొన ఎవరి రెప్పకైనా తగిలిందా?” మొదటి ప్రశ్నకు “అందరిది” అన్నాము. రెండవదానికి వేళ్ళ మీద లెక్క పెట్టవలసి వచ్చింది. మూడవదానికి మౌనమే మా సమాధానమైంది. కదులుతున్న పిల్లల కళ్ళలో, గొట్టపు దీపం వెలుగులో చుక్కలు వేసిన మాకు ఆ మొన ఎన్ని రెప్పలను తాకిందో తెలియదు.

జబ్బు పాకడానికి ఆ సీసా ఒక్కటే కారణమని మేము చెప్పలేము. పిల్లలు ఒకే తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు, పక్కపక్కనే పడుకున్నారు. కాని ఆ సీసా కూడా ఒక దారి అయి ఉండవచ్చునన్న మాట కొట్టివేయలేము. నాటి నుండి కంటి చుక్కల గురించి తెలిసిన వైద్యులను అడిగి, మందుల పెట్టెల్లోని కాగితాలు చదివి మేము నేర్చుకున్నదంతా ఆ మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. ఆ వరుసలోనే పాఠకుల ముందుంచుతున్నాము.

సీసాకు రెండు తేదీలు

కంటి మందు సీసా మీద అచ్చయి ఉండే గడువు తేదీని అందరమూ చూస్తాము. ఆ తేదీ మూత తీయని సీసాకు మాత్రమే వర్తిస్తుంది. కర్మాగారంలో సూక్ష్మక్రిములు లేకుండా శుద్ధి చేసి మూసిన మందు, మూసి ఉన్నంత కాలం ఆ తేదీ దాకా నిలుస్తుంది. మూత తిప్పిన క్షణం నుండి రెండవ లెక్క మొదలవుతుంది. పెట్టె మీద 2027 అని ఉన్నా, ఈ రోజు తెరిచిన సాధారణ సీసాను నెల తరువాత వాడకూడదు.

ఇది ఏదో ఒక వైద్యుడి జాగ్రత్త మాత్రమే కాదు. మన దేశపు 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో కంటి మందుల కోసం ప్రత్యేకంగా ఒక అనుబంధం ఉంది. దానిని షెడ్యూల్ ఎఫ్‌ఎఫ్ అంటారు. తెరిచిన నెల రోజులలోగా వాడాలనీ, సీసా మొనను దేనికీ తాకించరాదనీ, మంట తగ్గకపోయినా పెరిగినా మందు ఆపి వైద్యుణ్ణి కలవాలనీ లేబుల్ మీద అచ్చు వేయడం ఆ నిబంధనల ప్రకారం తప్పనిసరి. పలుమార్లు వాడే చుక్కల సీసా పది మిల్లీలీటర్లకు మించి ఉండకూడదన్నది కూడా అందులోనిదే. పెద్ద సీసా అయితే ఎక్కువ రోజులు తెరిచి ఉంటుంది, అన్ని రోజులు క్రిములకు అవకాశం దొరుకుతుంది. చిన్న అక్షరాలలో ఉన్నందువల్ల మనం చదవని ఆ వాక్యాలు చట్టం వేయించినవి.

కలుషితమైన మందును కంటితో చూసి పసిగట్టవచ్చునని అనుకోవడం పొరపాటు. మందు మసకబారినా, అందులో నలకలు తేలినా, రంగు మారినా, మొన చుట్టూ పొక్కు కట్టినా దానిని వెంటనే పారవేయాలి. కాని క్రిములు చేరిన మందు చాలాసార్లు స్వచ్ఛమైన నీటిలాగే కనిపిస్తుంది. అందుకే మనం నమ్మవలసినది తేదీని.

ఆ తేదీని గుర్తుపెట్టుకోవడం కంటె రాసుకోవడం మేలు. సీసా తెరిచిన రోజునే చెరగని సిరా పెన్నుతో సీసా మీదనే “తెరిచినది 5, పారవేయవలసినది వచ్చే నెల 4” అని రాయాలి. అట్టపెట్టె మీద రాస్తే చాలదు. పెట్టెలు మారిపోతాయి, చెత్తబుట్టలోకి పోతాయి. మందు పేరు, గడువు కనిపించకుండా పోకూడదు గనుక, లేబుల్ మీద ఖాళీ లేకపోతే ఒక చిన్న కాగితపు ముక్క మీద రాసి అంటించాలి. ఎవరి మందో వారి పేరు కూడా అక్కడే రాయడం మంచిది. ఒకే ఇంట్లో దాదీకి శుక్లం ఆపరేషన్ తరువాతి మందు, అబ్బాకు నీటికాసుల మందు, పాపకు అలర్జీ మందు ఒకే ఫ్రిజ్ తలుపులో నిలబడి ఉండటం ఈనాడు అరుదైన దృశ్యం కాదు. ఆ మూడు సీసాలూ చూడటానికి ఒకేలా ఉంటాయి.

కాపలా మందు ఉన్న సీసా

తెరిచిన సీసాను నెల రోజుల పాటు కాపాడేది ఏమిటి? సాధారణ సీసాలలో ఆ పని ప్రిజర్వేటివ్ అనే నిల్వ రసాయనం చేస్తుంది. షెడ్యూల్ ఎఫ్‌ఎఫ్ అనుమతించిన వాటిలో ఎక్కువగా కనిపించేది బెంజాల్కోనియం క్లోరైడ్. దాని మోతాదు నూటికి 0.01 వంతు, అంటే పదివేల పాళ్ళలో ఒక పాలు. దాని పేరూ మోతాదూ లేబుల్ మీద ఉంటాయి.

ఈ రసాయనం గుణంలో సబ్బుకు దగ్గరి బంధువు. సూక్ష్మక్రిమి చుట్టూ ఉండే పలుచని పొరను చీల్చి దానిని చంపుతుంది. మూత తీసి పెట్టినప్పుడు గాలి నుండి, మొన నుండి లోపలికి చేరిన కొద్దిపాటి క్రిములను ఇలాగే అణచివేస్తుంది. అయితే దీని శక్తికి హద్దులున్నాయి. కండ్లకలకకు తరచు కారణమయ్యే అడెనో వైరస్‌కు అటువంటి కొవ్వు పొర ఉండదు గనుక దాని మీద ఈ రసాయనం అంతగా పని చేయదు. నాడు మా వసతి గృహంలో ఒకే సీసాను అందరికీ వాడటం ఎందుకు తప్పో ఈ సంగతి తెలిశాక మాకు పూర్తిగా అర్థమైంది. ప్రిజర్వేటివ్ ఉన్నంత మాత్రాన ఒకరి సీసా మరొకరికి పనికిరాదు.

క్రిమి పొరను చీల్చే గుణమే కంటికి కొంత భారం కూడా. మన కన్నీటి మీద నూనె వంటి ఒక పలుచని పొర తేలుతూ తడి ఆరిపోకుండా కాపాడుతుంది. ఈ రసాయనం ఆ పొరను చెదరగొడుతుంది, నల్లగుడ్డు పైనున్న కణాలను ఒరిపిడికి గురి చేస్తుంది. వారం పది రోజుల వాడకానికి ఇది లెక్కలోనిది కాదు. నీటికాసుల జబ్బుకు రెండు మూడు సీసాలు ఏళ్ళ తరబడి వాడేవారికీ, కళ్ళు పొడిబారి రోజుకు నాలుగు సార్లకు మించి చుక్కలు వేసుకునేవారికీ మాత్రం ఇది లెక్కలోకి వస్తుంది. మందు వేసిన ప్రతిసారీ మంట, ఎరుపు, ఇసుక పడ్డట్టు గరగర ఉంటే జబ్బు ముదిరిందని గాని, మందు పడలేదని గాని మనంతట మనమే తీర్మానించి మానివేయకూడదు. “ఈ మందు ప్రిజర్వేటివ్ లేకుండా దొరుకుతుందా?” అని వైద్యుణ్ణి అడగాలి.

మెత్తని కాంటాక్ట్ లెన్సులు ధరించే మన పిల్లలకు మరొక మాట. ఆ లెన్సు ఈ రసాయనాన్ని పీల్చుకుని గంటల తరబడి కంటికి అందిస్తూ ఉంటుంది. లెన్సు తీసి చుక్క వేసుకుని, కనీసం పావుగంట తరువాతనే మళ్ళీ పెట్టుకోవాలి.

కాపలా మందు లేని సీసా

ప్రిజర్వేటివ్ లేని మందు కంటికి సుఖం, సందేహం లేదు. అందువల్ల దానిని ఎల్లప్పుడూ మేలైనదిగా భావించడం సహజం. కాని కాపలావాడిని పంపివేసిన ఇంటికి తాళం గట్టిది ఉండాలి. ఆ తాళం సీసా నిర్మాణంలో ఉండాలి.

ఇటువంటి మందు రెండు రూపాలలో దొరుకుతుంది. మొదటిది ఒక్కసారి వాడి పారవేసే చిన్న ప్లాస్టిక్ గొట్టం. వరుసగా అతికి ఉన్న గొట్టాలలో ఒకదానిని విడదీసి, తల తిప్పి విరిచి వాడతాము. అందులో అర మిల్లీలీటరు లేదా అంతకంటె తక్కువ మందు ఉంటుంది. రెండు కళ్ళకు రెండు చుక్కలు వేశాక ఇంకా కొన్ని చుక్కలు మిగులుతాయి. అక్కడే మన ఇళ్ళలో పొరపాటు జరుగుతుంది. మిగిలినది పారవేస్తే ఇస్రాఫ్ అవుతుందేమోనని, ఆ విరిచిన గొట్టాన్ని గిన్నెలో నిలబెట్టి సాయంత్రానికి, మరునాటికి దాచుకుంటారు. మా దగ్గరకు కూడా ఈ సందేహం వచ్చింది. ఆ గొట్టానికి మూత లేదు, మందులో కాపలా లేదు. శుద్ధంగా ఉన్నంతవరకే అది మందు. కాగితంలో వేరుగా గడువు రాసి ఉంటే తప్ప, వాడిన వెంటనే పారవేయాలి. చేతికి అందేలా, చుక్క సరిగా పడకపోతే మరొకటి వేసుకునేలా కొంచెం ఎక్కువ పోసి తయారు చేస్తారు గనుక, మిగిలినదానిని పారవేయడం దుర్వ్యయం కాదు.

రెండవది పలుమార్లు వాడే ప్రత్యేకమైన సీసా. దీని ముక్కులో మందును బయటికి మాత్రమే పోనిచ్చే కవాటం ఉంటుంది. లోపలికి వెళ్ళే గాలిని వడగట్టే ఏర్పాటు ఉంటుంది. చుక్క పడ్డాక మొన దగ్గర మిగిలిన మందు వెనక్కి పోదు. ఈ ఏర్పాటు వల్ల ప్రిజర్వేటివ్ లేకుండానే కొన్ని సీసాలు తెరిచాక నెలకు మించి, రెండు మూడు నెలల దాకా కూడా నిలుస్తాయి. ఎన్నాళ్ళన్నది ఒక్కో మందుకు ఒక్కో విధంగా ఉంటుంది, ఆ సీసా కాగితమే ప్రమాణం. వీటిని మొదటిసారి తెరిచినప్పుడు చుక్క బయటికి రావడానికి కొన్నిసార్లు నొక్కవలసి ఉంటుంది. కీళ్ళ నొప్పులున్న పెద్దలకు ఈ సీసాలు గట్టిగా అనిపిస్తాయి. కొనేముందు వారి చేతికి ఇచ్చి నొక్కించి చూడలేము గనుక, నొక్కే పని ఇంట్లో ఒకరు బాధ్యతగా తీసుకోవాలి.

ఈ తాళం లేకపోతే ఏమవుతుందో మా వసతి గృహంలో కండ్లకలక వచ్చిన ఆ 2023లోనే ప్రపంచం చూసింది. చెన్నై కేంద్రంగా ఉన్న గ్లోబల్ ఫార్మా హెల్త్‌కేర్ సంస్థ తయారు చేసిన కృత్రిమ కన్నీటి చుక్కలు అమెరికాలో ఎజ్రీకేర్ అనే పేరుతో అమ్ముడయ్యేవి. ప్రిజర్వేటివ్ లేనివి అన్నదే వాటి గొప్పగా చెప్పేవారు. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాలో మందులకు లొంగని ఒక రకం ఆ చుక్కలు వాడినవారిలో బయటపడింది. తెరిచిన సీసాలలో కూడా అదే రకం దొరికింది. ఆ సంవత్సరం ఫిబ్రవరిలో వాటిని వెనక్కి తీసుకున్నారు. మే నెల నాటికి అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ప్రకటించిన లెక్క ఇది. 18 రాష్ట్రాలలో 81 మంది రోగులు, నలుగురి మరణం, 14 మందికి చూపు పోవడం, నలుగురికి కంటి గుడ్డునే తొలగించవలసి రావడం. ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ ఎత్తి చూపిన లోపాలలో ముఖ్యమైనది మన విషయానికి నేరుగా సంబంధించినది. పలుమార్లు వాడే సీసాలో తగిన ప్రిజర్వేటివ్ లేకుండా మందు నింపారు. క్రిముల పరీక్షలు కూడా సరిగా లేవు.

కనుక దుకాణంలో మనం అడగవలసిన ప్రశ్న ప్రిజర్వేటివ్ ఉందా లేదా అన్నదానితో ఆగిపోకూడదు. “ప్రిజర్వేటివ్ లేకపోతే ఈ సీసాను కాపాడేది ఏమిటి?” అని కూడా అడగాలి. ఒక్కసారి వాడే గొట్టమా, కవాటం ఉన్న సీసానా అన్నది తేలాలి. ఆ రెండూ కాని మామూలు సీసా మీద ప్రిజర్వేటివ్ ఫ్రీ అని మాత్రమే ఉంటే, తీసుకోకుండా వైద్యునికి చూపించి అడగడం మేలు.

చుక్క వేసే విధం

సీసా ఎంత మంచిదైనా కడపటి కాపలా మన చేయి. మన ఇళ్ళలో “ఇప్పుడే వుజూ చేశాను, చేతులు శుభ్రమే కదా” అనడం వింటూ ఉంటాము. వుజూ ఆరాధనకు శుద్ధి. కంటి మందుకు కావలసినది సబ్బుతో కడిగి, శుభ్రమైన బట్టతో తుడిచి ఆరబెట్టిన చేయి. తడి చేతి మీది కుళాయి నీరు సీసా మొన మీదికి జారితే, ఆ నీటిలోని క్రిములు కూడా దానితో పాటు వెళతాయి.

చేతులు కడిగాక సీసా మీద పేరు, తేదీ వెలుగులో చదవాలి. పాలవలె తెల్లగా ఉండే మందులు కొన్ని అడుగున పేరుకుంటాయి. లేబుల్ మీద కదిలించి వాడాలని ఉంటే బాగా కదిలించాలి, లేకపోతే మొదటి వారం నీరు, చివరి వారం మందు పడుతుంది. మూతను బల్ల మీద పెట్టవలసి వస్తే లోపలి భాగం దేనికీ తగలకుండా పక్కకు పడుకోబెట్టాలి.

తరువాత కూర్చుని తల వెనక్కి వాల్చాలి. తల వణికేవారు, మెడ నొప్పి ఉన్నవారు వెల్లకిలా పడుకోవడమే సుఖం. ఒక వేలితో కింది రెప్పను మెల్లగా కిందికి లాగితే, రెప్పకు గుడ్డుకు మధ్య చిన్న సంచి వంటి చోటు తెరుచుకుంటుంది. చుక్క పడవలసినది అక్కడ. సూటిగా నల్లగుడ్డు మీద వేస్తే కన్ను గట్టిగా మూసుకుంటుంది, మందు బయటికి పోతుంది. చేయి వణుకుతుంటే సీసా పట్టిన చేతిని నుదుటి మీదనో, రెప్ప లాగిన చేతి మీదనో ఆనించుకోవచ్చు. మొన కంటికి ఒక అంగుళం దూరంలో ఉండాలి. చూపును పైకి, ఇంటి కప్పు వైపు నిలిపి ఒక్క చుక్క వదలాలి.

ఒక్క చుక్కే ఎందుకు? సంచి పట్టగలిగేది సుమారు ముప్పయి మైక్రోలీటర్లు, అంటే మిల్లీలీటరును నూరు వంతులు చేస్తే అందులో సుమారు మూడు వంతులకన్నా ఎక్కువ కాదు. సీసా నుండి పడే చుక్క ఒక్కటే అంతకంటె పెద్దది. రెండవ చుక్క చెంప మీదికి జారడానికే పనికి వస్తుంది.

చుక్క పడ్డాక కళ్ళు గట్టిగా బిగించకుండా, పదేపదే ఆర్పకుండా, నిద్రపోతున్నట్టు మెల్లగా మూయాలి. ముక్కు పక్కన కంటి లోపలి మూలను చూపుడు వేలితో రెండు నిమిషాల పాటు అదిమి ఉంచాలి. అక్కడ కన్నీరు ముక్కులోకి దిగే సన్నని నాళం ఉంది. అదిమితే మందు కంటిలోనే నిలుస్తుంది, ముక్కు ద్వారా రక్తంలోకి చేరేది తగ్గుతుంది. నీటికాసులకు వాడే టిమోలాల్ వంటి మందు రక్తంలోకి చేరితే ఉబ్బసం ఉన్నవారికి ఊపిరి అందకపోవచ్చు, నాడి మందగించవచ్చు. ఆ రోగాలున్న సంగతి కంటి వైద్యునికి ముందే చెప్పాలి.

రెండు రకాల మందులు ఉంటే మధ్య అయిదు నిమిషాలు ఆగాలి, లేకపోతే రెండవది మొదటిదాన్ని కడిగివేస్తుంది. లేపనం ఉంటే అన్నిటికన్నా చివర వేయాలి, ఎందుకంటే దాని జిడ్డు మీద చుక్క నిలవదు. కన్ను తెరవని చిన్న పిల్లలకు వేరే ఉపాయం ఉంది. పడుకోబెట్టి, కన్ను మూసే ఉండగా ముక్కు వైపు మూలలో చుక్క వేసి, ఆపై తెరవమంటే మందు లోపలికి జారుతుంది. పని ముగిశాక మొనను తుడవకూడదు, కడగకూడదు. మూత బిగించి పెట్టాలి. ఎప్పుడైనా మొన రెప్పకో, వెంట్రుకకో, వేలికో తగిలిందని తెలిస్తే సీసాను మార్చడమే క్షేమం.

ఒక పెద్దాయన లెక్క

మా మసీదుకు వచ్చే ఒక పెద్దాయనకు నీటికాసుల జబ్బు. ఉదయం, సాయంత్రం రెండు కళ్ళలో ఒక్కొక్క చుక్క వేయమని వైద్యులు చెప్పారు. అయిదు మిల్లీలీటర్ల సీసా పద్దెనిమిది రోజులకే అయిపోతున్నదని, దుకాణదారు సీసాలో మందు తగ్గిస్తున్నాడేమోనని ఆయన మాతో వాపోయారు.

కాగితం తీసుకుని ఇద్దరమూ లెక్క వేశాము. మిల్లీలీటరుకు సుమారు ఇరవై అయిదు చుక్కలు. అయిదు మిల్లీలీటర్లకు నూట ఇరవై అయిదు. రోజుకు నాలుగు చుక్కల చొప్పున నెలకు నూట ఇరవై. అంటే సీసా నెలకు సరిగ్గా సరిపోయేలా ఉంది, అయిదు చుక్కలు మాత్రమే మిగులు. పద్దెనిమిది రోజులకు అయిపోతున్నదంటే రోజుకు నాలుగు బదులు ఏడు చుక్కలు పోతున్నాయి. “వేసి చూపించండి చాచా” అని అడిగాము. నిలబడి, తల సగమే వాల్చి, సీసాను గట్టిగా పిండారు. మొదటి చుక్క చెంప మీద, రెండవది రెప్ప మీద పడ్డాయి.

డబ్బు పోవడం కన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. సీసా ముగిశాక నెల మొదటి తేదీన పింఛను అందేదాకా ఆయన కొత్తది కొనలేదు. అంటే ప్రతి నెలా పన్నెండు రోజులు మందు లేదు. నీటికాసులు నొప్పి తెలియనివ్వకుండా పక్కల నుండి చూపును తినివేస్తుంది, పోయిన చూపు తిరిగి రాదు. వైద్యుడు అడిగినప్పుడు “రోజూ వేసుకుంటున్నాను” అనే ఆయన సమాధానం. అబద్ధం కాదు, ఉన్న రోజుల్లో వేసుకుంటున్నారు. ఆ సమాధానం విన్న వైద్యుడు మందు పని చేయడం లేదనుకుని మరొకటి రాయగలడు. ఇప్పుడు ఆయన మనవరాలు తాతను పడుకోబెట్టి చుక్కలు వేస్తున్నది. సీసా ఇరవై తొమ్మిది రోజులు వచ్చింది.

ఈ లెక్క తలకిందులుగా కూడా పని చేస్తుంది. నెలకు సరిపోయే సీసా మూడు నెలలు వచ్చిందంటే చుక్కలు మానివేస్తున్నారన్నమాట, పైగా తెరిచి నెల దాటిన మందు వాడుతున్నారన్నమాట.

ఎండాకాలం, రమజాన్

మన కృష్ణా డెల్టా ఎండల సంగతి చెప్పనక్కరలేదు. గదిలోని వేడి చాలా మందుల లేబుల్ మీద ఉన్న హద్దును దాటిపోతుంది. స్కూటర్ డిక్కీలో, కిటికీ అరుగు మీద సీసా ఉంచకూడదు. లటానోప్రోస్ట్ వంటి కొన్ని మందులను తెరవక ముందు 2 నుండి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉంచాలి. తెరిచాక ఎంత వేడి వరకు సరేనో కాగితంలో ఉంటుంది. ఫ్రిజ్ తలుపులో మూత ఉన్న చిన్న డబ్బాలో పెట్టడం మంచిది. పైనున్న మంచు గదిలో మాత్రం పెట్టకూడదు.

రమజాన్‌లో ఉపవాసం చెడుతుందేమోనని పగటి చుక్కలు మానివేసేవారు మాకు ఏటా కనిపిస్తారు. కంటిలో వేసిన మందు రుచి గొంతులో తెలియడమే ఈ సందేహానికి మూలం. ఆ రుచి వచ్చేది పైన చెప్పిన నాళం గుండానే. హనఫీ, షాఫయీ ధర్మవేత్తల ప్రకారం కంటి చుక్కల వల్ల రోజా చెడదు. మాలికీ, హంబలీ పండితులు గొంతుకు చేరితే చెడుతుందని అన్నారు. జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్హ్ అకాడమీ 1997లో జరిపిన సమావేశంలో, గొంతుకు చేరినదానిని మింగకుండా జాగ్రత్తపడితే కంటి చుక్కల వల్ల ఉపవాసం భంగం కాదని తీర్మానించింది. కంటి మూలను అదిమి ఉంచే పద్ధతి ఇక్కడ రెండు విధాల మేలు చేస్తుంది. మందు కంటిలో నిలుస్తుంది, గొంతుకు చేరేది తగ్గుతుంది.

అప్పటికీ మనసు కుదుటపడకపోతే, రోజుకు రెండుసార్లు వేసే మందును సహరీకి, ఇఫ్తార్‌కు జరపవచ్చునేమో వైద్యుణ్ణి అడగాలి. శుక్లం ఆపరేషన్ తరువాత రోజుకు నాలుగు, ఆరు సార్లు వేసే మందును అలా జరపడం కుదరదు. దానిని మానడం కంటికి ప్రమాదం.

మిగిలిపోయిన సీసా

చివరగా ఒక హెచ్చరిక. ఆపరేషన్ తరువాతి సీసాలలో తరచు స్టెరాయిడ్ కలిసిన మందు ఉంటుంది. సగం మిగిలిన ఆ సీసా పక్కింటి వారి ఎర్రకంటికి “మంచి మందు” గా చేరుతుంది. కోతల కాలంలో వడ్ల ఊకో, గడ్డి పోచో కంట్లో గుచ్చుకున్నప్పుడు బూజు తెగులు పట్టిన పుండు ఏర్పడవచ్చు. అటువంటి కంటిలో స్టెరాయిడ్ పడితే ఎరుపు ఒకటి రెండు రోజులు తగ్గి, లోపల పుండు వేగంగా లోతుకు పోతుంది. నల్లగుడ్డు మీద తెల్లని మచ్చ, తీవ్రమైన నొప్పి, వెలుగు చూడలేకపోవడం, చూపు మసకబారడం, చీము కారడం వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంటి సీసాలు ముట్టకుండా ఆ రోజే కంటి వైద్యుని వద్దకు వెళ్ళాలి. మన ప్రాంతం వారికి తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి, చినఅవుటపల్లిలో పిన్నమనేని సిద్ధార్థ వైద్య కళాశాల ఆసుపత్రి దగ్గరలోనే ఉన్నాయి. వాడుతున్న సీసాను కూడా వెంట తీసుకువెళ్ళాలి. అవసరమైతే దానిని పరీక్షిస్తారు.

మా వసతి గృహంలో ఇప్పుడు ఒక చెక్క అర ఉంది. మందు వాడే ప్రతి పిల్లవాడికి విడి సీసా, దాని మీద వాడి పేరు, తెరిచిన తేదీ. ప్రతి నెలా ఒక శుక్రవారం జుమా తరువాత ఇద్దరు పెద్ద విద్యార్థులు ఆ అరను చూసి, గడువు దాటిన వాటిని ఖాళీ చేసి పారవేస్తారు. మొదటి నెల వారు తీసినవి ఏడు సీసాలు. వాటిలో ఒకటి మాదే. దాని మీద తేదీ లేదు.